ముప్ఫై ఒక్క సెకన్ల గొంతు

టీవీల షాపులో ఆయన్ని అందరూ రసమట్టం మాస్టారు అంటారు. గోడకి టీవీ బిగించాక దాని నెత్తిమీద బెత్తెడు రసమట్టం పెట్టి, అందులో బుడగ నడిమధ్యకి వచ్చేదాకా ఆ ఇంటివాళ్ళని ఊపిరి కూడా గట్టిగా పీల్చనివ్వరని ఆ పేరు. పాతికేళ్ళుగా అదే పని. డబ్బా టీవీలు మోసిన భుజాలే ఇప్పుడు తలుపంత వెడల్పూ, పలకంత మందమూ ఉన్న టీవీలు మోస్తున్నాయి. ఎవరింటికైనా భోజనానికి వెళ్ళినా ఆయన చూపు ముందు విస్తరి మీదికి పోదు, గోడమీద వంకరగా ఉన్న ఫోటో మీదికి పోతుంది. ఇంటావిడ చూడకుండా దాన్ని వేలితో సరిచేసి గానీ కూర్చోరు.

బిగించడం అయిపోయాక ఆయనకి అసలు పరీక్ష మొదలవుతుంది. కొన్నవాళ్ళ చేతిలో ఐఫోను ఉంటుంది, గోడమీద ఇంకో కంపెనీ టీవీ ఉంటుంది.

"మాస్టారూ, ఫోను వాళ్ళది, టీవీ వీళ్ళది. కలుస్తాయంటారా?" అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు.

"మీరూ మీ ఆవిడా ఒకే కంపెనీవాళ్ళా ఏమిటండీ? కలవలేదూ?" అనేవారు మాస్టారు. ఇంటాయన నవ్వేవాడు. ఇంటావిడ నవ్వేది కాదు.

తర్వాత నింపాదిగా చెప్పేవారు. ఈ టీవీ యాపిల్‌వాళ్ళది కాకపోయినా, ఎయిర్‌ప్లే అని ఒక సదుపాయం ఇందులో ఉంది. టీవీ సెట్టింగుల్లో అది ఆన్‌లో ఉండాలి. ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉండాలి. అప్పుడు ఫోన్లో వీడియో తెరిచి, చిన్న పెట్టె కింద త్రిభుజం ఉన్న గుర్తు నొక్కితే టీవీ పేరు కనిపిస్తుంది. పేరు నొక్కితే టీవీ మీద నాలుగంకెలు పడతాయి. అవి ఫోన్లో కొడితే పరిచయం అయిపోయినట్టే.

"మా ఫోటోలు టీవీలో ఉండిపోతాయా?" అని భయపడేవాళ్ళు కొందరు.

"ఉండవమ్మా. అద్దంలో మొహం ఉండిపోతుందా? మీరు పక్కకి తప్పుకుంటే పోతుంది. ఇదీ అంతే. ఫోను బయటికెళ్తే టీవీలో మీ ఫోటో గానీ, మీ వీడియో గానీ ఏమీ మిగలదు."

ఈ మాట ఆయన కొన్ని వందల ఇళ్ళలో చెప్పి ఉంటారు. ఎంత ధీమాగా చెప్పేవారంటే, ఇంటివాళ్ళు వెంటనే ధైర్యం తెచ్చుకుని పెళ్ళి ఫోటోలు మొదలుపెట్టేవారు.

మొదట్లో ఆయన వీడియో ఒక్కటే కాదు, ఫోను మొత్తాన్ని టీవీ మీద చూపించేవారు. స్క్రీన్ మిర్రరింగ్ అంటారు దాన్ని. ఫోన్లో ఏది కనిపిస్తే గోడమీద అదే కనిపిస్తుంది. ఒకరోజు ఒక ప్లీడరుగారింట్లో అలా చూపించి, ఆపడం మరిచిపోయి, ఇంటినించి వచ్చిన మెసేజీ తెరిచారు. యాభై అయిదు అంగుళాల మీద అక్షరాలు పడ్డాయి: 'మీ మొలల మందు అయిపోయింది. వచ్చేటప్పుడు తెచ్చుకోండి. నిన్నటిలా కూర్చోలేక నామీద విసుక్కోవద్దు.'

ప్లీడరుగారూ, వాళ్ళావిడా, అత్తగారూ అందరూ చదివారు. ఎవరూ చదవనట్టు కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు అత్తగారు మాత్రం, "నాయనా, మజ్జిగ ఎక్కువ తాగు" అంది.

ఆ రోజునించీ ఆయన మిర్రరింగ్ జోలికి పోలేదు. ఫోటోల్లోంచి ఒక్క వీడియో మాత్రం పంపించేవారు. మిగతా ఫోను మిగతా సంసారంతో సహా జేబులోనే గుట్టుగా ఉండేది.

ఆ ఒక్క వీడియో ఏదంటే, డాబామీద బట్టలారేసిన వీడియో. కొత్త ఫోను కొన్న రోజు కెమెరా ఎలా ఉందో చూద్దామని తీశారు. గాలికి ఎగిరే ఎర్రచీరా, పసుపుపచ్చ తువ్వాలూ, నీలం దుప్పటీ. టీవీలో రంగులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడ్డానికి అంతకన్నా మంచి బొమ్మ లేదు. శబ్దం చూడ్డానికి ఆవిడ ఉండనే ఉంది. ఆవిడంటే మాస్టారి ఇల్లాలు. దుప్పటి వెనకాల ఉంది, మనిషి కనపడదు. గొంతు మాత్రం వినిపిస్తుంది.

"ఏవండీ, ఆ ఫోను పట్టుకుని బొమ్మలా నిలబడకపోతే ఆ క్లిప్పులు అందించొచ్చుగా! ఊళ్ళోవాళ్ళందరి గోడలకీ టీవీలు తగిలిస్తారు. మనింట్లో క్యాలెండరుకి ఒక్క మేకు కొట్టండి బాబూ అని మూడు నెలల నించీ మొత్తుకుంటున్నాను. అది నిలబడీ నిలబడీ కాళ్ళు లాగి కింద పడింది!"

ఆ మాటకి నవ్వని ఇల్లు లేదు. ముఖ్యంగా ఇంటావిడలు. "మాస్టారూ, మళ్ళీ పెట్టండి, ఈయన వినలేదు" అని మొగుణ్ణి లాక్కొచ్చేవారు. మొత్తం ముప్ఫై ఒక్క సెకన్లు. ఎన్ని గోడలమీద మోగిందో లెక్కలేదు.

ఇదంతా ఆవిడకి తెలియదు. తెలిసింది ఒకరోజు కూరగాయల దుకాణం దగ్గర. టమాటాలు మెత్తగా ఉన్నాయని దుకాణదారుణ్ణి దులిపేస్తుంటే, వెనకాల వరసలో నిలబడ్డ ఒకామె ఆవిడ చేయి పట్టుకుంది.

"మీరు... క్యాలెండరావిడ కదూ!"

"ఎవరండీ?"

"అయ్యో, మా టీవీలో విన్నాను మిమ్మల్ని! ఏదీ, ఆ కాళ్ళు లాగి కింద పడిందన్న ముక్క ఒక్కసారి అనరూ, మా అత్తగారు ఇక్కడే ఉన్నారు!"

వరసలో నలుగురూ తిరిగి చూశారు. దుకాణదారుడు తూకం ఆపి మరీ చూశాడు. ఆవిడ టమాటాలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం మాస్టారింట్లో జరిగినదాన్ని గొడవ అంటే గొడవకి చిన్నతనం.

"నేనేమన్నా సినిమావాళ్ళ మనిషినా? నా నోరు ఊరంతా తిప్పుతారా? ముక్కూమొహం తెలియనివాళ్ళు నన్ను గొంతుని బట్టి గుర్తుపడుతున్నారు! తీసెయ్యండి. ఇప్పుడే. నా కళ్ళముందు."

"ఏమోయ్, నవ్వుకుంటున్నారే గానీ ఎవరూ..."

"తీసెయ్యండి!"

తీసేశారు. అంతటితో ఆగలేదు ఆవిడ. కూతురికి ఫోను చేసి కనుక్కుంది. తీసేసినవి ఇంకో సంచీలో నెల రోజులు దాక్కుంటాయిట కదా, అక్కడా తీసెయ్యమంది. అక్కడా తీసేశారు. ఇక ఫోన్లో లేదు, ఫోను దాచుకునే ఇంకెక్కడా లేదు. మాస్టారు మర్నాటినించీ ఇళ్ళల్లో చేపల వీడియో పెట్టడం మొదలుపెట్టారు. రంగులు బాగానే వచ్చేవి. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఇది జరిగిన రెండేళ్ళకి ఆవిడ గొంతు బొంగురుపోయింది. చలవ చేసిందనుకున్నారు. నెలైనా తగ్గలేదు. పరీక్షలు చేశారు, మళ్ళీ చేశారు. గొంతులో కణితి ఉంది, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. మనిషి దక్కుతుంది, మాట దక్కదన్నారు. వారం రోజుల్లో ఆపరేషన్.

ఆ వారం రోజులూ మాస్టారి జేబులో ఫోను ఉంది. బయటికి తీసి, ఏదన్నా మాట్లాడవే, దాచుకుంటాను అని ఒక్క మాట అంటే చాలు. అంటే, నీ గొంతు పోతోంది అని ఆవిడకి చెప్పినట్టు. ఆయన అనలేదు. ఆవిడ మాత్రం వారమంతా మాట్లాడుతూనే ఉంది. గ్యాసు ఎప్పుడు బుక్ చెయ్యాలి, పాలవాడికి ఏం చెప్పాలి, ఏ డబ్బాలో ఏముంది. ఆయన ఊఁ కొట్టారు. ఆ ఊఁలు తల్చుకుని తర్వాత ఆయన తనని తాను ఎన్నిసార్లు తిట్టుకున్నారో.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడకింద చిన్న రంధ్రం, దాంట్లోంచే ఊపిరి. చేతిలో పుస్తకం, పెన్ను. గొంతుకి ఆనించి పెట్టుకుంటే మాట వినిపించే టార్చిలైటు లాంటి పరికరం ఇచ్చారు. ఆవిడ ఒక్కసారి వాడి చూసి బీరువాలో పెట్టేసింది. 'మిక్సీకి మాటలొచ్చినట్టుంది' అని రాసింది. రాసి తనే నవ్వింది. నవ్వు చప్పుడు కాలేదు.

ఇంటినిండా ఎప్పుడూ వినిపించే గొంతు ఒకటి లేకపోతే గోడలు దగ్గరికి జరిగినట్టుంటుంది. మాస్టారికి అదే అనిపించేది. ఆవిడ ఎదురుగానే ఉంది, కూర తరుగుతోంది, ఆయన మీద కోపమొస్తే గరిటె చప్పుడు చేస్తోంది. అయినా వెతుక్కునేవారు. పెళ్ళి వీడియోలో గొంతు లేదు, మొత్తం పాటలు కలిపేశారు. ఫోన్లో మాట్లాడేదే తప్ప మాట పంపే అలవాటు ఆవిడకి లేదు. కెమెరా చూస్తే మొహం తిప్పేసుకునే మనిషి. ఉన్నదల్లా ఆ ముప్ఫై ఒక్క సెకన్లు. దాన్ని తనే, రెండుచోట్లా, శుభ్రంగా తుడిచేశారు.

షాపు యజమాని ఒకరోజు అన్నాడు: "అన్ని టీవీలకి పంపావు కదయ్యా, ఏ ఒక్కదాన్లోనైనా ఉండదా?"

"ఉండదండీ."

"ఒక్కదాన్లో కూడా?"

"అద్దంలో మొహం..." అని మొదలుపెట్టి మాస్టారు మధ్యలో ఆపేశారు. వందలసార్లు చెప్పిన మాట. నిజమని తెలిసిన మాట. ఆ రోజు మొదటిసారి అది అబద్ధమైతే బాగుండునని ఆయనకి అనిపించింది. ఆ ఆశతో ఒకరిద్దరి ఇళ్ళకి వెళ్ళి, ఊరికే చూసిపోతానని టీవీ సెట్టింగులన్నీ తిరగేశారు. ఏమీ లేదు. ఉండదని ఆయనకన్నా ఎవరికి తెలుసు?

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. గోడమీద కొత్త టీవీ వెలిగిన క్షణాన ఇంట్లో ఎవరో ఒకరు ఫోను తీసి వీడియో పట్టుకుంటారు. బంధువులకి పంపించాలిగా! ఆ వీడియోల్లో టీవీ ఉంటుంది. టీవీలో డాబా ఉంటుంది. దుప్పటి వెనకాల ఆవిడ ఉంటుంది.

మాస్టారు ఏ రోజు ఏ ఇంట్లో ఏ టీవీ పెట్టారో డైరీలో రాసుకుంటారు. పాత డైరీలు దింపారు. పని అయ్యాక రోజుకి రెండిళ్ళు.

మొదటి ఇంట్లో తలుపు సగమే తెరుచుకుంది. "టీవీ పాడైందని మేం చెప్పలేదే?"

"పాడవలేదమ్మా. బిగించిన రోజు మీరెవరైనా వీడియో తీసి ఉంటే..."

"ఎందుకూ?"

"మా ఆవిడ గొంతు కావాలమ్మా."

"మీ ఆవిడ మా ఇంటికెప్పుడొచ్చింది?"

లోపలినించి ఒక మొగగొంతు లేచింది. "ఎవరే అక్కడ? ఎవరొచ్చారు?" తలుపు మిగతా సగం కూడా మూసుకుంది.

రెండో ఇంట్లో వీడియో ఉంది, దానిమీద అబ్బాయి పాట అతికించాడు. ఇంకో ఇంట్లో ఫోటోలే ఉన్నాయి. నీలం దుప్పటి ఫోటోలో కూడా ఎగురుతున్నట్టే ఉంది, కానీ ఫోటో మాట్లాడదు కదా. ఒకాయన ఫోను బావిలో పడిందన్నాడు. ప్లీడరుగారింట్లో అత్తగారు పోయారట. ఒక దర్జీ ఆవిడ ఇంటికి రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ తాళమే. పదకొండిళ్ళు తిరిగాక మాస్టారు డైరీ మూసేశారు.

ఇంటికి ఆలస్యంగా వస్తుంటే ఆవిడ పుస్తకం ముందుకి తోసింది. 'ఎక్కడ తిరుగుతున్నారు?'

"పని ఎక్కువగా ఉంది."

'చెప్పులు చూస్తే పని చేసినట్టు లేదు. ఊరు కొలిచినట్టుంది.'

ఆయన నవ్వబోయారు. అంత మంచి మాట, అంత చేదుగా అన్న మాట, ఆ గొంతులో ఎలా ఉండేదో ఊహించుకోబోతే రాలేదు. మాట గుర్తొస్తోంది, గొంతు గుర్తు రావడం లేదు. ఆయనకి నిజంగా భయమేసింది అప్పుడే.

డైరీ మూసిన నెలకి షాపుకి ఫిర్యాదు వచ్చింది. ఐప్యాడ్‌లో టీవీ కనపడటం లేదని. చిరునామా చూస్తే ఆ దర్జీ ఆవిడదే.

మూడో అంతస్తు. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, కుర్చీలనిండా సగం కుట్టిన జాకెట్లు, నేలమీద దారపుముక్కలు. దర్జీ ఆవిడకి నలభై ఉంటాయి. మెడలో కొలతల టేపు, నోట్లో గుండుసూది. దాన్ని తీసి చీరకొంగుకి గుచ్చుకుని మాట్లాడింది.

"టీవీ మామూలుగా వస్తోంది మాస్టారూ. ఐప్యాడ్‌లోంచి పంపిద్దామంటే దాని పేరే రావట్లేదు. నెలయింది."

"అంతకుముందు వచ్చేదా?"

"రోజూ పంపించేదాన్ని."

"ఈ నెలలో ఇంట్లో ఏమన్నా మార్చారా?"

"ఏమీ మార్చలేదు. ఆఁ, వైఫై పెట్టె మార్చారు ఇంటర్నెట్‌వాళ్ళు."

మాస్టారు టీవీ సెట్టింగులు తెరిచారు. అనుకున్నట్టే ఉంది. ఐప్యాడ్ కొత్త పెట్టెతో కలిసిపోయింది. టీవీ మాత్రం ఎప్పుడో తీసి పారేసిన పాత పెట్టె పేరే పట్టుకుని కూర్చుంది. డిష్‌లోంచి ఛానళ్ళు వస్తున్నాయి గనక అది ఏకాకి అయిపోయిందని ఎవరికీ తెలియలేదు.

"పాత సంబంధం వదలట్లేదమ్మా ఇది" అన్నారాయన. రిమోటుతో ఒక్కో అక్షరం వెతికి కొత్త పాస్‌వర్డు కొట్టారు. ఎయిర్‌ప్లే ఆన్‌లోనే ఉందో లేదో చూశారు. "ఇప్పుడు పంపించండి ఏదన్నా."

అడగాలనుకున్న సంగతి ఆయన నాలుక చివరే ఉంది. కానీ పదకొండిళ్ళలో చిన్నబోయిన మొహం పన్నెండో ఇంట్లో చూపించడానికి మనసు రాలేదు.

ఆవిడ ఐప్యాడ్ ఒళ్ళో పెట్టుకుంది. త్రిభుజం గుర్తు నొక్కింది. టీవీ పేరు వచ్చింది. పాత పరిచయం గుర్తుందో ఏమో, నాలుగంకెలు కూడా అడగలేదు.

"మా నాన్నండీ" అంది. "పోయి ఏడాదిన్నర."

"ఐప్యాడ్‌లోనే చూసుకోవచ్చు కదమ్మా, నెలరోజులు ఆగారెందుకు?"

"దీంట్లో చిన్నగా ఉంటాడు మాస్టారూ. టీవీలో అయితే కుర్చీలో కూర్చున్నప్పుడు ఎంత ఉండేవాడో అంత ఉంటాడు."

గోడమీద ఒక ముసలాయన వెలిగాడు. బనీనూ, మందపాటి కళ్ళద్దాలూ. ఎదురుగా ఉన్నదేదో నోరు తెరిచి చూస్తున్నాడు. కళ్ళద్దాల్లో నీలంగా ఏదో కదులుతోంది.

'...గోడలకీ టీవీలు తగిలిస్తారు. మనింట్లో క్యాలెండరుకి ఒక్క మేకు...'

మాస్టారి చేతిలోని రిమోటు దారపుముక్కల మీద పడింది.

ఆ గొంతే. కొంచెం దూరంగా, గదిలో మోగినట్టుగా, కానీ ఆ గొంతే. 'మొత్తుకుంటున్నాను' అన్నచోట పైకి లేచి విరిగే ఆ గొంతే. 'కాళ్ళు లాగి కింద పడింది' అనగానే ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. మామూలు నవ్వు కాదు. భుజాలు ఎగరేసి, మోకాళ్ళు చరిచి, దగ్గొచ్చి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వు వెనకాల ఆవిడ ఇంకా ఏదో అంటూనే ఉంది. ఏమంటోందో వినపడలేదు. పంతొమ్మిది సెకన్లకి వీడియో అయిపోయింది.

"అమ్మ పోయాక మా నాన్న నవ్వడం నేను చూసింది అదొక్కసారే" అంది దర్జీ ఆవిడ. "మీరు టీవీ పెట్టిన రోజే. మీ వీడియో చూసి. నేను టీవీని తీద్దామని ఫోనెత్తి ఆయన వైపు తిప్పేశాను." అని పక్కకి చూసి ఆగిపోయింది. "అయ్యో, మాస్టారూ! కూర్చోండి. మంచినీళ్ళు ఇవ్వనా?"

కూర్చున్నారు. ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు మీద. గుండుసూదులు గుచ్చుకున్నా లేవలేదు. ఉన్నదంతా చెప్పేశారు, కూరగాయల దుకాణం దగ్గరినించీ.

ఆవిడ కుట్టుమిషను వైపు చూస్తూ విన్నది. అంతా విని, "ఈ నవ్వు లేకపోతే మీకు ఆవిడ మాటలన్నీ ఉండేవి" అంది.

"ఆవిడ మాటలు లేకపోతే మీకు ఈ నవ్వు ఉండేది కాదు."

దర్జీ ఆవిడ ఐప్యాడ్ మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత ఆవిడ వీడియోని ఎయిర్‌డ్రాప్‌లో ఆయన ఫోనుకి పంపించింది.

ఇంటికి నడుస్తూ మాస్టారు ఆలోచించింది ఒక్కటే. ఇంట్లో ఆవిడకి చెప్పాలా, వద్దా? తన కళ్ళముందు తీసేయించుకున్న మనిషి. పోయినదాన్ని మళ్ళీ చెవిలో వేస్తే ఓర్చుకుంటుందా? పైగా నవ్వుతున్నది ముక్కూమొహం తెలియని ముసలాయన. ముందు తనొక్కడూ తలుపేసుకుని వినాలి, ఆ నవ్వు వెనకాల ఏముందో పట్టుకోవాలి, తర్వాత చూసుకోవచ్చు అనుకున్నారు. ఆవిడ చివర్లో ఏమందో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. కొన్ని వందలసార్లు విన్న వీడియో! కానీ క్యాలెండరు పడిందనగానే ఇళ్ళవాళ్ళు నవ్వేవారు. ఆయన వాళ్ళ మొహాలు చూస్తూ, తనే హాస్యం చెప్పినట్టు మురిసిపోతూ, వైర్లు సర్దుకునేవారు. ఆ తర్వాతి మాట ఏ ఇంట్లోనూ వినలేదు.

ఆయన ఇంటికొచ్చేసరికి ఆవిడ హాల్లో టీవీ పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ వేళకి రోజూ అంతే. కూతురు తన పసిపిల్ల వీడియోలు పంపిస్తుంది, మాస్టారు వాటిని తన ఫోన్లోంచి టీవీకి పంపిస్తారు, ఇద్దరూ చూస్తారు. ఆపరేషన్ అయినప్పటినించీ ఇదొక అలవాటు.

"మొహం కడుక్కొస్తాను" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. మంచం చివర కూర్చుని, శబ్దం చిన్నది చేసి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని వీడియో నొక్కారు.

ఫోన్లోంచి ఏమీ వినపడలేదు.

హాల్లోంచి వినపడింది.

ప్రతి ఇంట్లోనూ ఆయన జాగ్రత్త చెప్పే సంగతే అది. అలవాటైన టీవీ దగ్గర్లో ఉంటే ఫోను తనంతట తనే వీడియోని అక్కడికి పంపేస్తుంది. సెట్టింగుల్లో 'ఆటోమేటిక్' తీసేసి, 'అడుగు' అని పెట్టుకోండి, లేకపోతే ఎప్పుడో పరువు పోతుంది అని అందరి ఫోన్లలోనూ తన చేత్తో మార్చిపెట్టేవారు. సొంత ఫోన్లో మార్చుకోలేదు. ఫోటోల్లోంచి ఇంటి టీవీకి రోజూ పంపే మనిషి కదా, ఆ ఫోను ఆయన మనసు కనిపెట్టినట్టు పంపేసింది.

తలుపు తీసుకుని పరిగెత్తేసరికి టీవీలో ముసలాయన మోకాళ్ళు చరుచుకుంటున్నాడు. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగి ఉంది. మెడకున్న పల్చని గుడ్డ ఊపిరికి గబగబా కదులుతోంది. వీడియో అయిపోయింది. ఆవిడ తల తిప్పలేదు.

"నేను... నువ్వొద్దన్నావు కదా అని... ఇది నేను దాచింది కాదే. వాళ్ళది" అన్నారు మాస్టారు గుమ్మంలోనే నిలబడి.

ఆవిడ పుస్తకం తీసుకుంది. 'ఎవరాయన?'

"దర్జీ ఆవిడ నాన్నగారు. పోయారు. వాళ్ళమ్మ పోయాక ఆయన నవ్వింది అదొక్కసారేట."

పెన్ను కాగితం మీద చాలాసేపు ఆగింది. 'నా మాటకా?'

"నీ మాటకే."

ఆవిడ తను రాసిన ఆ రెండు మాటలకేసి చూసుకుంది. తర్వాత టీవీ వైపు గడ్డం ఎగరేసింది. మళ్ళీ పెట్టమని.

పెట్టారు. ఆయన ఈసారి టీవీ చూడలేదు, ఆవిణ్ణి చూశారు. 'గోడలకీ టీవీలు' అన్నచోట ఆవిడ పెదవులు కదిలాయి. గొంతుకన్నా ఒక అర క్షణం వెనకగా, అడుగులో అడుగు వేస్తున్నట్టు. మేకు దగ్గరికి వచ్చేసరికి కలిసిపోయాయి. పెదవులు ఇక్కడ, మాట అక్కడ. ఎడంచెయ్యి మెల్లిగా మెడ దాకా లేచి, అక్కడ తగలాల్సినదేదో తగలక, ఒళ్ళోకి దిగింది.

ముసలాయన నవ్వు మొదలైంది. టీవీలో మాట మునిగిపోయింది. ఆవిడ పెదవులు ఆగలేదు. ఎవరికీ వినపడని ఆ చివరి మాట కూడా అంటూనే ఉన్నాయి, తడుముకోకుండా, మొత్తం. చివర్లో కొంచెం నవ్వినట్టు విచ్చుకుని మూసుకున్నాయి.

మాస్టారు పక్కనే కూలబడ్డారు. "ఏమన్నావే అక్కడ? నాకు తెలియలేదు. ఎంత చూసినా అర్థం కాలేదు. రాసివ్వవే."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఒక్కసారి. బతిమాలుతున్నాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కోపం లేదు. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం నిదానంగా రాసి, ఆయన వైపు తిప్పింది.

'అప్పుడు మీ ఎదురుగానే అన్నాను.'

ఆయన ఆ కాగితం పట్టుకుని తలొంచుకున్నారు. ఆవిడ చేయి చాచి, ఆయన చొక్కా వెనక అంచుకి గుచ్చుకున్న గుండుసూది ఒకటి పీకి బల్లమీద పెట్టింది. తర్వాత ఆయన ఫోను ఆయన చేతిలోనే పెట్టి, పసిదాని వీడియో వచ్చిందేమో చూడమన్నట్టు వేలితో టీవీ వైపు చూపించింది.